ఓఆర్‌ఎస్ తాగుతున్నా పిల్లగానికి దాహం తగ్గుతలేదు, ఏం చేయాలె?

శ్రావణి, నకిరేకల్ దగ్గర · శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్తే. మా బాబుకు 11 నెలలు, పోయిన వారం అంగన్‌వాడీల తూస్తే 8 కిలోలున్నడు. నిన్న పొద్దుగాల్ల నుంచి నీళ్ల విరేచనాలు. ఇయ్యాల ఎనిమిది సార్లన్న పోయిండు, రెండు సార్లు కక్కిండు. రక్తం లేదు, జ్వరం కొంచెం. ఊర్లె ఆర్‌ఎంపీ ఒక యాంటీబయాటిక్ సిరప్, మోషన్లు ఆగే చుక్కలు ఇచ్చిండు. ఆశమ్మ ఇచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇంట్ల ఉంటే అత్తమ్మ సగం పొడి ఒక గిలాస నీళ్లల్ల కలిపి మధ్యాహ్నం నుంచి తాపుతున్నది. మిగిలిన సగం రేపటికని మడిచి పెట్టింది. పిల్లగాడు గిలాస చూస్తే గుంజుకొని తాగుతుండు, మళ్ల ఏడుస్తుండు, ఎత్తుకున్నా ఊకుంటలేడు. విరేచనాలు ఏం తగ్గలేదు. ఈ ఓఆర్‌ఎస్ పనిచేస్తలేదా? వేరే కంపెనీది తేవాల్నా?

రమేశ్, జడ్చర్ల · 8:52

చెల్లె, పరేషాన్ కాకు. ప్యాకెట్ లేకున్నా పర్వాలేదు, లీటర్ కాగబెట్టి సల్లార్చిన నీళ్లల్ల ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలవాలె. మా ఇద్దరు పిల్లలకు అట్లనే చేసినం. ఒక పూట పాలు బంద్ పెట్టి సగ్గుబియ్యం జావ పట్టు, పొట్టకు జర రెస్ట్ దొరుకుతది. మోషన్ ఆగినంక జింక్ గోలీలు కూడ ఆపేయొచ్చు, ఊకె మందులు ఎందుకు.

బాలమణి, రిటైర్డ్ ఏఎన్‌ఎం, దేవరకొండ · 9:01

శ్రావణీ, ముందుగాల నాకు ఇవి చెప్పు బిడ్డా. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లల్ల కలపాలని రాసి ఉన్నది? మీ గిలాస ఎంత పట్టుద్ది? పిల్లగాడు ఆఖరుసారి ఉచ్చ ఎప్పుడు పోసిండు? కండ్లు లోపలికి పీక్కపోయినట్టున్నయా? ఏడిస్తే కండ్లల్ల నీళ్లు వస్తున్నయా? మాడు మీద చెయ్యి పెట్టి చూడు, గుంట పడ్డదా?

గిలాసల ఉన్నది పారబోయి. ఇగ అది ఒక్క చెంచా కూడ పట్టకు. రొమ్ము మాత్రం అడిగినప్పుడల్లా ఇయ్యి. రమేశ్ చెప్పినట్టు పాలు బంద్ పెట్టుడు అసలు వద్దు.

శ్రావణి · 9:10

ప్యాకెట్ మీద 1 లీటర్ అని ఉన్నది అమ్మా. మాది స్టీల్ గిలాస, 200 మి.లీ. పట్టొచ్చు. ఉచ్చ మధ్యాహ్నం రెండింటికి పోసిండు, తర్వాత డైపర్ల అంత నీళ్ల విరేచనమే కాబట్టి సరిగ తెల్వదు. కండ్లు కొంచెం లోపలికి ఉన్నట్టే ఉన్నయి. ఏడుస్తుండు గాని కండ్లల్ల నీళ్లు తక్కువ. మాడు గుంట ఉన్నది. బాబుకు పండ్లు మొలుస్తున్నయి, అందుకే విరేచనాలని అత్తమ్మ అంటున్నది.

బాలమణి · 9:19

ఇగ ఇంట్ల కూసోవద్దు. ఈ రాత్రికే దవాఖానకు పోవాలె. ఎందుకో చెప్త, అత్తమ్మకు కూడ వినిపియ్యి.

సగం ప్యాకెట్ అంటే అర లీటర్ నీళ్లకు పెట్టిన పొడి. అది 200 మి.లీ.ల పడ్డది, అంటే ఉండాల్సిన దానికన్న రెండున్నర రెట్లు చిక్కగ అయింది. ఓఆర్‌ఎస్ పనిచేసేదే కొలత మీద. ఉప్పు, గ్లూకోజ్ సరిపాళ్లల్ల ఉంటే పేగు ఆ రెండింటిని కలిపి లోపలికి గుంజుకుంటది, వాటి ఎంబడి నీళ్లు పోతయి. చిక్కగ ఉంటే ఉల్టా అయితది. ఒంట్ల నీళ్లు పేగులకు దిగుతయి, విరేచనం పెరుగుతది, రక్తంల ఉప్పు పెరిగి పిల్లగానికి దాహం ఆగది. నీ కొడుకు గుంజుకొని తాగి మళ్ల ఏడుస్తుండంటే నాకు అదే అనుమానం. కంపెనీ తప్పు కాదు, నీళ్లు తక్కువైనయి.

పండ్లతోని ఇట్ల నీళ్ల విరేచనాలు కావమ్మా. ఆ మాట మీద కూసొని ఆలస్యంగ వచ్చిన పిల్లల్ని మస్తుమందిని చూసిన.

పోయే లోపట కొత్త ప్యాకెట్ ఉంటే పూర్తిగ విప్పి లీటర్ బాటిల్ల కలుపు. లేకుంటే రొమ్ము ఇచ్చుకుంట పో. ఆ మడిచిపెట్టిన సగం వాడకు, అది గాలి తగిలి ముద్దగట్టుద్ది, పొడిల ఏ ఉప్పు ఎంత మిగిలిందో కంటితోని తెల్వదు.

పిల్లల డాక్టర్, మహబూబ్‌నగర్ · 9:31

బాలమణి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు సరి. నేను ఒక్క జాగ్రత్త కలుపుతాను. చిక్కటి ద్రావణం తాగాడు కదా అని ఇప్పుడు మామూలు నీళ్లు గ్లాసులకు గ్లాసులు పట్టించవద్దు. రక్తంలో పెరిగిన సోడియం ఒక్కసారిగా పడిపోతే మెదడు వాచి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సరిగా కలిపిన ఓఆర్‌ఎస్, తల్లిపాలు, రెండే.

పొట్ట చర్మం గిల్లి వదిలితే ఎంత నెమ్మదిగా వెనక్కి పోతుందో చూడమని అందరికీ చెప్తాం. కానీ సోడియం పెరిగిన పిల్లల్లో చర్మం మామూలుగానే కనబడి మోసం చేస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లల్లోనూ అంతే. మరీ బక్కగా ఉన్న పిల్లల్లో నీళ్లు తగ్గకపోయినా చర్మం నెమ్మదిగా పోతుంది. కాబట్టి గిల్లి చూస్తే బాగుంది కదా అని ఆగకండి. దాహం, చిరాకు, కళ్లు గుంటపడటం, ఇవి మీరు చెప్పారు. అవి చాలు బయలుదేరడానికి.

మోషన్లు ఆపే చుక్కలు ఇక వేయకండి. సీసా, సిరప్ రెండూ వెంట తీసుకెళ్లి అక్కడి డాక్టరుకు చూపించండి.

శ్రీను, మెడికల్ షాపు, మిర్యాలగూడ · 9:40

అక్కా, దారిల షాపు తెరిచి ఉంటే 'ఓఆర్‌ఎస్ ఇయ్యి' అని ఊరుకోకండి, పొడి ప్యాకెట్ అని అడగండి. రెండు సైజులు వస్తయి. చిన్నది 200 మి.లీ.కు, పెద్దది లీటర్‌కు. ఒక్క పసిపిల్లగానికి చిన్నవే నయం, పారబోసేది ఉండదు. వెనక డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉంటది, లీటర్‌కు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు.

డబ్బాల్ల వచ్చే తియ్యటి నీళ్లు తీసుకోకండి. పేరుల ఓఆర్‌ఎస్ పెట్టుకొని ఏండ్ల తరబడి అమ్మిన్రు, అండ్ల చక్కెర చాలా రెట్లు ఎక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దాని మీద ఏండ్లు కొట్లాడితే, 2025 అక్టోబర్‌ల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. పాత సరుకు ఎక్కడన్న కనబడితే పిల్లలకు మాత్రం తీసుకోకండి.

శ్రావణి · 9:48

ఆటో మాట్లాడినం, పోతున్నం. చిన్న ప్యాకెట్లు తీసుకుంటం.

యాదయ్య, మర్రిగూడ · 10:05

నాదొక అనుమానం. మా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటదని అందరికీ తెలిసిందే, మా పెద్దోళ్ల ఎముకలు చూస్తనే ఉన్నం. ఆ నీళ్లల్ల ఓఆర్‌ఎస్ కలిపితే పొడి ఇరుగుద్దా? నీళ్లు మంచిగ కాగబెడితే ఫ్లోరైడ్ పోద్ది గదా?

బాలమణి · 10:16

పోదు అన్నా. కాగబెడితే క్రిములు చస్తయి, ఫ్లోరైడ్ అట్లనే ఉంటది, నీళ్లు ఆవిరై తగ్గితే ఇంకింత చిక్కనైతది. కాబట్టి భగీరథ నీళ్లో, క్యాన్ నీళ్లో ఉంటే అవే వాడు. అవి కూడ కాగబెట్టి సల్లార్చి, తర్వాత పొడి కలపాలె. కలిపినంక మళ్ల పొయ్యి మీద పెట్టొద్దు. రాత్రిపూట బోరు నీళ్లు తప్ప ఏం దొరకకుంటే అవే కాగబెట్టి ఇయ్యి. ఫ్లోరైడ్ ఏండ్ల మీద చేసే చెరుపు, ఒంట్ల నీళ్లు పోవుడు గంటల్ల ప్రాణం తీస్తది. పొడి ఇరిగేదేం లేదు.

రమేశ్ · 10:30

అమ్మా, సగ్గుబియ్యం మాట మా అమ్మ చెప్పేది. అది తప్పంటరా? కొబ్బరినీళ్లు కూడ ఇయ్యొద్దా?

బాలమణి · 10:44

సగ్గుబియ్యం జావ తప్పు కాదు తమ్మీ, పాలు బంద్ పెట్టుడు తప్పు. విరేచనాలప్పుడు కూడ పేగు తిన్నదాన్ని చాలా వరకు గుంజుకుంటది. కడుపు మాడిస్తే పిల్లగాడు బక్కపడతడు, మళ్ల వచ్చే విరేచనాలకు తట్టుకోడు. ఆరు నెలలు దాటినోనికి మెత్తటి అన్నం, పప్పుకట్టు, పెరుగు, అరటిపండు, ఏది తింటే అది, కొంచెం కొంచెం, ఎక్కువ సార్లు. జబ్బు తగ్గినంక రెండు వారాలు రోజుకు ఒక పూట ఎక్కువ పెట్టాలె. గంజిల చిటికెడు ఉప్పేసి ఇచ్చినా, మజ్జిగ ఇచ్చినా మంచిదే. కొబ్బరినీళ్లల్ల పొటాషియం ఉంటది గాని సోడియం తక్కువ, అందుకే ఓఆర్‌ఎస్ జాగల అవి నిలబడవు. చాయ్, కూల్‌డ్రింక్, డబ్బా జ్యూస్ మాత్రం వద్దు.

నీ చక్కెర, ఉప్పు లెక్క సరైందే, ప్యాకెట్ దొరకనప్పుడు. అయితే నాకు భయం ఉప్పు దగ్గర. మన ఇండ్లల్ల చెంచాలు తలా ఒక సైజు. కలిపినంక నాలుక మీద పెట్టి చూడు, కన్నీళ్లకన్న ఉప్పగ ఉంటే పారబోసి మళ్ల కలుపు.

శ్రావణి · ఆదివారం ఉదయం 7:15

రాత్రి దవాఖానల ఉంచుకున్నరు. రక్తం పరీక్షల సోడియం 152 వచ్చింది, 145 దాటొద్దట. బాబు తెలివిగనే ఉండి తాగగలుగుతుండని సెలైన్ పెట్టలేదు. గిన్నె, చెంచా నా చేతికే ఇచ్చి, నాలుగు గంటల్ల 600 మి.లీ. తాపాలన్నరు. ఒక్కసారి కక్కిండు. నర్స్ పది నిమిషాలు ఆపి మళ్ల మొదలుపెట్టమన్నది. తెల్లారుజామున మంచిగ ఉచ్చ పోసిండు. చుక్కలు బంద్ చేసిన్రు, యాంటీబయాటిక్ కూడ అక్కరలేదన్నరు. ఇప్పుడు పండుకున్నడు, లేపితే లేస్తుండు, పాలు తాగిండు.

పిల్లల డాక్టర్, మహబూబ్‌నగర్ · 7:50

చాలా సంతోషం అమ్మా. ఆ 600 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, మిగతా వాళ్లకూ పనికొస్తుంది. నీళ్లు కొంత తగ్గిన బిడ్డకు కిలోకు 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో ఇస్తాం. 8 కిలోలకు 600. గంటకు 150 అన్నమాట. ఐదు మి.లీ. చెంచా రెండు నిమిషాలకొకటి వేస్తే సరిగ్గా అంతే అవుతుంది. వినడానికి చాలా నెమ్మది అనిపిస్తుంది, కానీ కక్కే పిల్లల కడుపులో నిలిచేది ఇలా ఇస్తేనే. దాహంగా ఉన్నాడని గ్లాసు నోటికి ఎత్తితే గటగటా తాగి అంతా బయటికి తెస్తాడు, ఇంట్లో వాళ్లు 'ఓఆర్‌ఎస్ పడలేదు' అని మానేస్తారు.

ఈ నాలుగు గంటల వైద్యం దవాఖానలో మనిషి కళ్ల ముందు జరగాలి. ఇంట్లో చేయవలసింది వేరు. బిడ్డ హుషారుగా ఉండి, మోషన్ అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు వాళ్లకు 50 నుంచి 100 మి.లీ., అంటే చిన్న గ్లాసులో పావు నుంచి సగం, రెండేళ్లు దాటిన వాళ్లకు 100 నుంచి 200. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

బాలమణి · 8:20

'లేపితే లేస్తుండు' అని రాసింది చూసిన్రా, నేను ఇండ్లకు పోయినప్పుడు మొదలు అడిగేది అదే. పొద్దంత ఏడ్చిన పిల్లగాడు సాయంత్రం సల్లగ పండుకుంటే ఇంట్లోళ్లు నెమ్మదించిందనుకుంటరు. నీళ్లు బాగ తగ్గిన పిల్లలు కూడ అట్లనే పడుకుంటరు. లేపి చూడండి. కండ్లు తెరిచి అమ్మను చూసి పాలు అందుకుంటే అది నిద్ర. తల వాలేసి, చెంచా పెట్టినా మింగకుంటే ఒక్క నిమిషం ఆగొద్దు, 108కు ఫోన్ చేయాలె. ఇగ అప్పుడు నోట్లె నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తులకు పోతయి.

తాగిందల్లా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, మలంల రక్తం పడ్డా, ఆరు గంటలైనా ఉచ్చ లేకున్నా, కాళ్లు చేతులు సల్లబడ్డా, పొట్ట డోలు లెక్క ఉబ్బినా దవాఖానే. రెండు నెలల లోపు పసిగుడ్డుకైతే ఇవేవీ లేకున్నా మొదటి రోజే చూపియ్యాలె. ఆ మోషన్ ఆగే చుక్కలతోని పొట్ట ఉబ్బిన పిల్లల్ని నేను చూసిన. విరేచనం బయటికి కనబడక ఇంట్లోళ్లు తగ్గిందనుకున్నరు, నీళ్లన్నీ పేగులల్లనే ఉన్నయి.

శ్రీను · 8:35

డాక్టర్ గారూ, ఆ చుక్కలల్ల కూడ రెండు రకాలున్నయి గదా. పేగు కదలిక ఆపేది చిన్నపిల్లలకు ఇయ్యొద్దని మాకు తెలుసు. రేసెకాడోట్రిల్ పౌడర్ మాత్రం కొందరు పిల్లల డాక్టర్లే రాస్తున్నరు, దాని సంగతేంది?

పిల్లల డాక్టర్, మహబూబ్‌నగర్ · 8:58

అది పేగు కదలికను ఆపదు, నీళ్లు ఊరడాన్ని తగ్గిస్తుంది, కాబట్టి మొదటి దానంత ప్రమాదం లేదు. కొందరు వాడతారు, నేను రాయను. డబ్ల్యూహెచ్‌ఓ చికిత్సలో ఉన్నవి ఓఆర్‌ఎస్, జింక్, తిండి. ఇంట్లో మూడో మందు ఉంటే చెంచా పట్టుకొని కూర్చునే ఓపిక తగ్గుతుందని నా అభిప్రాయం. మా తోటి వాళ్లందరూ ఒప్పుకోరు.

శ్రావణి · సోమవారం రాత్రి 7:30

ఇంటికి వచ్చినం. మోషన్లు ఐదుకు తగ్గినయి, ఆడుతుండు. జింక్ 20 మి.గ్రా. గోలీలు 14 ఇచ్చిన్రు, రోజుకొకటి. ఇయ్యాల పొద్దున గోలీ పొడి చేసి గిలాస నీళ్లల్ల కలిపితే రెండు గుక్కలు తాగి ఉమ్మేసిండు. మళ్ల ఇయ్యాల్నా? నిజంగ అన్ని రోజులు ఎయ్యాల్నా?

బాలమణి · 7:45

గిలాసల కాదు బిడ్డా. చెంచాల గోలీ పెట్టి, పిండిన నీ పాలో సల్లార్చిన నీళ్లో కొంచెం పొయ్యి. ఒక్క నిమిషంల తనే కరుగుద్ది, నలగొట్టే పనిలేదు. మొత్తం ఒక్క చెంచాల నోట్లెకు పోవాలె. తర్వాత వెంటనే రొమ్ము ఇయ్యి, చేదు లోహపు రుచి పోతది. అరగంట లోపల కక్కితే ఒక్కసారి మళ్ల ఇయ్యొచ్చు. ఇయ్యాల చాలా వరకు ఉమ్మేసిండు కాబట్టి ఇంకోటి ఇప్పుడు ఇయ్యి, పర్వాలేదు.

మోషన్ ఆగినా 14 రోజులు ఎయ్యాలె. విరేచనాలల్ల ఒంట్ల జింక్ పోతది, పేగు పొర మళ్ల అతుక్కోవాలంటే అది కావాలె. పూర్తిగ వేసిన పిల్లలకు తర్వాత రెండు మూడు నెలలు విరేచనాలు తక్కువగ వస్తయి. గోలీల షీటు మీద రోజు తేదీ రాసుకో, నేను అందరు తల్లులకు అట్లనే చెప్పేదాన్ని.

రమేశ్ · 8:02

డబ్ల్యూహెచ్‌ఓ 10 నుంచి 14 అంటది గదా, 10 దినాలకు ఆపితే తప్పా?

పిల్లల డాక్టర్, మహబూబ్‌నగర్ · 8:20

మన ప్రభుత్వ కార్యక్రమంలో 14. పది రోజులు వేసి ఆపితే ప్రమాదం ఏమీ లేదు, కానీ నేను 14 అనే చెప్తాను, ఎందుకంటే 10 అని చెప్తే మా దగ్గర నాలుగు రోజులకు ఆపుతున్నారు.

కవిత, అచ్చంపేట · 9:05

మా పాపకు మూడు నెలలు. నిన్నటి నుంచి పలచగ పోతున్నది, పాలు మంచిగనే తాగుతున్నది. మాకు కూడ అదే గోలీ ఒకటి వేయొచ్చునా?

బాలమణి · 9:14

అంత చిన్నపాపకు సగం గోలీ, 10 మి.గ్రా., నీ పాలల్లనే కరిగించాలె. అయితే మొదలు ఒక మాట. చనుబాలు మాత్రమే తాగే పిల్లలు రోజుకు ఎన్నోసార్లు పలచగ, పసుపు పచ్చగ, గింజలు గింజలుగ పోతరు, అది విరేచనం కాదు. ఎప్పుడూ పోయేదానికన్న నీళ్లగ, ఎక్కువ సార్లు పోతున్నదా చూడు. అట్లుంటే రేపు పొద్దున్నే పీహెచ్‌సీకి తీస్కపో, గోలీ సంగతి వాళ్లను అడిగే మొదలుపెట్టు. రాత్రి పాలు పట్టకున్నా, పైన రాసినవి ఏది కనబడ్డా పొద్దటిదాక ఆగకు.

శ్రావణి · శుక్రవారం మధ్యాహ్నం 1:10

అమ్మా, బాబు మంచిగున్నడు. గోలీ చెంచాల పాలు పిండి ఇస్తే ఉమ్ముతలేడు. మోషన్ రోజుకు రెండు మూడే గాని ఇంకా పలచగనే ఉన్నది, వారం దాటింది. మళ్ల తీస్కపోవాల్నా?

బాలమణి · 1:32

తింటుండా, ఆడుతుండా, ఉచ్చ మంచిగ పోస్తుండా? మూడూ అవునంటే ఇంట్లనే ఉండు, తిండి, జింక్ ఆపకు, పలచగ పోయినప్పుడల్లా ఓఆర్‌ఎస్ ఇయ్యి. చానమందికి వారంల కట్టుకుంటది, కొందరికి పది పన్నెండు రోజులు పడతది. మొదలైన నాటి నుంచి 14 రోజులు నిండినా పలచగనే ఉంటే అప్పుడు తప్పక చూపియ్యాలె, అది వేరే లెక్క. పోయేటప్పుడు అంగన్‌వాడీల ఒకసారి తూపిచ్చుకొని పో, బరువు 8 కిలోలకన్న ఎంత తగ్గిందో డాక్టరు అడుగుతరు.